పాత ఖాతాదారులకు కొత్త ఫీజు చెప్పడం

"విజయవాడ వన్‌టౌన్‌లో పన్నెండు దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు వేస్తాను. ఆరేళ్లుగా నెలకు 1,500 రూపాయలే. 2,000 చేయాలి. పాతవాళ్లు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?"

ఏప్రిల్ 1 నుంచి పెంచండి, కానీ ఫిబ్రవరి చివరి వారంలోనే చెప్పండి. 11, 20 తేదీల గడువుల ముందు మాత్రం వద్దు, పని ఆపి బేరమాడినట్టు ఉంటుంది. ముందు దుకాణానికి వెళ్లి నోటితో చెప్పి, సాయంత్రం వాట్సాప్‌లో ఇలా పంపండి:

"మార్చి లెక్కల వరకు ఫీజు 1,500. ఏప్రిల్ లెక్కల నుంచి, అంటే మేలో వేసే రిటర్నుల నుంచి, 2,000. ఆరేళ్లలో మీ బిల్లులు పెరిగాయి, వాటిని సరిచూసే పనీ పెరిగింది."

ఆ రెండో వాక్యం వదలకండి. మార్చి రిటర్ను వేసేది ఏప్రిల్‌లో కదా. నేను ఒట్టి "ఏప్రిల్ నుంచి" అని రాసి, ఆ ఒక్క నెల ఫీజు కోసం నలుగురితో వాదించాను. క్షమాపణలూ ఇంటి ఖర్చుల చిట్టా అక్కర్లేదు.

ఎవరైనా తగ్గించమంటే రేటు కాదు, పని తగ్గించండి: బిల్లులు వాళ్లే ఎక్సెల్‌లో ఎక్కించి ఇస్తే 1,600. ఊరికే ఒకరికి తగ్గించారా, పక్క కొట్టుకు సాయంత్రానికి తెలుస్తుంది. వన్‌టౌన్ సంగతి మీకు నేను చెప్పాలా!