అడగకుండా ఆగిన పిల్లకు ఏం దొరికింది?

ప్రశ్న: ఒకే క్లాసు, ఒకే పుస్తకం, ఒకే టీచరు. అయినా చదువుకున్నవాళ్ళ పిల్లలే ముందుకు పోతుంటారు. బడిలో ఎవరూ చెప్పకుండా నేర్పే పాఠాలే దీనికి కారణమని, దాన్ని ‘హిడెన్ కరిక్యులమ్’ అంటారని విన్నాను. అది నిజంగా క్లాసులో ఎలా కనిపిస్తుంది? టీచర్లు ఎవరైనా అనుభవంతో చెప్తారా?

జవాబు:

పన్నెండేళ్ళుగా ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతున్నాను. మీరు అడిగింది చూడాలంటే బోర్డు మీద పాఠం నడిచేటప్పుడు కాదు, లెక్క ఇచ్చి “ఇక చేయండి” అన్నాక వచ్చే పది నిమిషాలు చూడాలి. అప్పటిదాకా అందరికీ ఒకటే పాఠం. ఆ పది నిమిషాల్లో మాత్రం టీచరు ఎవరి బెంచీ దగ్గర ఆగితే వాళ్ళకు ఇంకో పాఠం అదనంగా దొరుకుతుంది. ఎవరి దగ్గర ఆగుతామన్నది మన చేతుల్లోనే ఉందని నేనూ చాలాకాలం నమ్మాను.

ఒకరోజు భిన్నాల్లో ఈ లెక్క ఇచ్చాను: 6 మీటర్ల తాడును 3/4 మీటరు ముక్కలుగా కోస్తే ఎన్ని ముక్కలొస్తాయి? రెండు నిమిషాలు కాకముందే ముందు బెంచీలోంచి ఒకబ్బాయి “మేడం, ఇక్కడ గుణించాలా, భాగించాలా?” అన్నాడు. చెయ్యెత్తలేదు, నేను వేరే పిల్లతో మాట్లాడుతున్నాను కూడా. అయినా తిరిగి, “ఆ ముక్క ఆరు మీటర్లలో ఎన్నిసార్లు పడుతుందో చూడు” అన్నాను. అన్నాక తెలుస్తుంది, సగం జవాబు చెప్పేశానని. “ఎన్నిసార్లు” అనే మాటలోనే భాగహారం ఉంది. వాడు 8 అని రాశాడు.

సాయంత్రం నోటుబుక్కులు దిద్దుతుంటే కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి పేజీ దగ్గర ఆగిపోయాను. 6ను 3/4తో గుణించి నాలుగున్నర అని రాసింది. దాన్ని రబ్బరుతో చెరిపేసింది. కింద మళ్ళీ నాలుగున్నర, మళ్ళీ చెరిపింది. కాగితం అక్కడ పలచబడిపోయింది. నాలుగున్నర ముక్కలు అనేది కుదరదని ఆ పిల్లకు తెలిసిందన్నమాట. అంటే తప్పును పట్టుకుంది. గుణించాలో భాగించాలో తెలియక ఆగిన ఆ అబ్బాయి కంటే ఒక అడుగు ముందే ఉంది. కానీ వాడికి రైటు గుర్తు పడింది, ఈ పిల్లకు ఇంటూ గుర్తు పడింది.

మర్నాడు పక్కకు పిలిచి “నన్నెందుకు అడగలేదమ్మా?” అన్నాను. “మీరు వేరేవాళ్ళకు చెప్తున్నారు కదా మేడం” అంది. కాసేపాగి, “మేడంని విసిగించొద్దు, నీ పని నువ్వే చేసుకోవాలి అని ఇంట్లో చెప్పారు” అంది.

ఆ ఇంట్లోవాళ్ళు చెప్పినదాంట్లో తప్పేముంది? టీచరుకు మర్యాద ఇవ్వమన్నారు, కష్టపడమన్నారు. క్లాసు గోడ మీద నేను అంటించిన నియమాలు కూడా అవే: చెయ్యెత్తండి, మీ వంతు వచ్చేదాకా ఆగండి. ఈ అమ్మాయి రాసి ఉన్న నియమాన్ని పాటించింది. ఆ అబ్బాయి రాయని నియమాన్ని పాటించాడు: అడిగితే దొరుకుతుంది, టీచరు పనిలో ఉన్నా అడగొచ్చు, అడిగితే చిన్నతనం కాదు. అది వాడికి నేను నేర్పలేదు. పెద్దవాళ్ళను, ఆఫీసుల్లో ఉన్నవాళ్ళను మొహమాటం లేకుండా అడిగే ఇంట్లో పెరిగితే వచ్చే అలవాటు అది.

‘హిడెన్ కరిక్యులమ్’ అనే మాటను అమెరికన్ విద్యా పరిశోధకుడు ఫిలిప్ జాక్సన్ 1968లో వాడాడు. క్లాసుల్లో కూర్చుని గమనించి, బడి పిల్లలకు చెప్పకుండానే నేర్పేవాటిలో ఆగడం ఒకటని చూశాడాయన. ఆగడం అందరూ నేర్చుకుంటారు. ఎప్పుడు ఆగనక్కర్లేదో కొందరికే తెలుసు. అసమానత వచ్చేది ఈ రెండో చోట. జెస్సికా కలార్కో అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో ఒక ప్రాథమిక పాఠశాలను ఏళ్ళ తరబడి గమనించి 2011లో రాసినదీ ఇదే: మధ్యతరగతి పిల్లలు పిలిచి మరీ, లేచి వెళ్ళి మరీ సాయం అడుగుతారు, శ్రామిక కుటుంబాల పిల్లలు టీచరు తమంతట తాము గమనిస్తే బాగుండునని కూర్చుంటారు. చొరవగా అడిగినవాళ్ళకు సాయం ఎక్కువగా, త్వరగా అందుతుంది.

చదివాక, నా క్లాసు అలా కాదేమో అని ఒక వారం లెక్కపెట్టాను. పిల్లలు కూర్చునే వరసల్ని కాగితం మీద గీసుకుని, ఎవరి దగ్గరైనా ఆగి మాట్లాడితే ఆ గడిలో గీత పెట్టాను. వాళ్ళు పిలిస్తే నిలువు గీత, నేనే వెళ్తే అడ్డగీత. వారం చివర ముందు రెండు వరసలు, మధ్యలో ఒక మూల నిలువు గీతలతో నిండిపోయాయి. తొమ్మిది గడుల్లో ఒక్క గీత కూడా లేదు. అడ్డగీతలు చాలావరకు “మాట్లాడకు, సరిగా కూర్చో” అనడానికి వెళ్ళినవే. సాయం చేస్తున్నాననుకుని నేను తిరిగిన తిరుగుడంతా పిలిచినవాళ్ళ చుట్టూనే.

నన్ను బాగా బాధపెట్టింది ఇంకోటి. అదే వారంలో కిటికీ పక్క అమ్మాయి ధైర్యం చేసి ఒకసారి చెయ్యెత్తకుండా అడిగింది. నా నోటి నుంచి వెంటనే వచ్చిన మాట “చెయ్యెత్తి అడగాలమ్మా”. అబ్బాయిని అదే పనికి ఏనాడూ ఆపలేదు. వాడి ప్రోగ్రెస్ కార్డులో “చురుకైనవాడు, ఆసక్తి ఎక్కువ” అని నేనే రాశాను. ఈ పిల్ల కార్డులో “నెమ్మదస్తురాలు, ఇంకా శ్రద్ధ పెట్టాలి” అని ఉంది. పై తరగతిలో పిల్లల్ని గ్రూపులు చేసే టీచరు ఆ పిల్లలను చూసేకంటే ముందు ఆ కార్డులే చూస్తారు. అడగడంలో ఉన్న తేడా అలా తెలివిలో ఉన్న తేడాగా కాగితం మీదికి ఎక్కుతుంది.

మొదట నేను చేసింది “ఎవరికి సందేహమున్నా అడగండి, భయపడకండి” అని రోజూ చెప్పడం. దాంతో పరిస్థితి ఇంకా చెడింది. అడిగేవాళ్ళే ఇంకా ఎక్కువ అడిగారు. పనిచేసింది వేరే: పిలుపుతో సంబంధం లేకుండా వరసగా తిరగడం. లెక్క ఇచ్చాక మొదటి నాలుగు నిమిషాలు ఎవరు పిలిచినా “వస్తున్నాను” అని మాత్రమే అంటాను. ఆ రోజు మొదలుపెట్టాల్సిన బెంచీ నుంచి ఒక్కొక్క నోటుబుక్కు చూసుకుంటూ వెళ్తాను. బెంచీ రోజూ మారుతుంది. “అర్థమైందా?” అని అడగను, ఆ ప్రశ్నకు మర్యాదస్తులైన పిల్లలంతా “అయింది” అంటారు. “ఇక్కడ ఎందుకు గుణించావో చెప్పు” అంటాను. అడిగి మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకుంటాను. టీచర్లు సాధారణంగా ఒక సెకను మించి ఆగరని, మూడు సెకన్లు ఆగితే మాట్లాడే పిల్లల సంఖ్య, వాళ్ళ జవాబుల పొడవు రెండూ పెరుగుతాయని మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970లలోనే చూపించింది. ఆ మూడు సెకన్లు క్లాసులో ఎంత పొడుగ్గా ఉంటాయో నిలబడి చూస్తే తప్ప తెలియదు.

దీనికి ఖర్చూ ఉంది. నలభైమంది ఉంటే ఒక పీరియడ్‌లో అందరి దగ్గరికీ వెళ్ళలేం, రెండు రోజులు పడుతుంది. ఇంతకుముందు వెంటనే సాయం దొరికిన పిల్లల తల్లిదండ్రులు “మా వాడిని పట్టించుకోవట్లేదు” అని వచ్చి అడిగారు. రానివాళ్ళు ఎవరో మీరు ఊహించగలరు. ఇంట్లో ట్యూషను పెట్టగలిగినవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య దూరం నా నాలుగు నిమిషాలతో తగ్గదు. తగ్గేది క్లాసులో నేను నా చేత్తో కలుపుతున్న భాగం మాత్రమే.

ఆ అమ్మాయి ఇప్పటికీ పిలవదు. కానీ నేను ఆ వరసలోకి వస్తున్నానని తెలిస్తే, సందేహం ఉన్న పేజీ ముందే తెరిచి, చెరపకుండా ఉంచుతుంది.