ప్రకటన కోసం కారు ఫోటోను కట్ చేయడం: షోరూమ్ వారు ఏం చూస్తారు?

ప్రశ్న: బీకాం రెండో సంవత్సరం చదువుతూ సాయంత్రాలు డీటీపీ సెంటర్‌లో ఫోటోషాప్ పని చేస్తున్నాను. పాత కార్లు అమ్మే ఒక షోరూమ్ వాళ్లు ఉద్యోగానికి పిలిచి, చెట్టు కింద నిలబెట్టిన తెల్ల స్విఫ్ట్ ఫోటో ఒకటి ఇచ్చి, వెనకదంతా తీసేసి ప్రకటనకు సిద్ధం చేసి తెమ్మన్నారు. నేను చేస్తే చక్రాలు, సైడ్ మిర్రర్లు, కిటికీల దగ్గర కత్తెరతో కోసినట్టు కనబడుతోంది. ఎలా చేయాలి? ఈ పనిని నమ్ముకోవచ్చా?
(ఒక విద్యార్థి, గుంటూరు)

జవాబు: ఆ షోరూమ్ వారు తెల్ల కారును ఎంచుకుని ఇవ్వడం కాకతాళీయం కాకపోవచ్చు. తెల్ల కారు పైకప్పు వెనకనున్న ఆకాశంలో కలిసిపోతుంది, టైర్ల అడుగుభాగం నేల మీది నీడలో కలిసిపోతుంది. అందువల్ల రంగును బట్టి ఎంపిక చేసే మ్యాజిక్ వాండ్ వంటి పనిముట్లు సరిగ్గా అవసరమైన చోటనే చేతులెత్తేస్తాయి. పెన్ టూల్‌తో చేత్తో పాత్ గీయడమే దీనికి దారి. ఫోటోను 200 శాతానికి పెద్దది చేసుకుని, కారు అంచు మీద కాకుండా ఒక పిక్సెల్ లోపలికి గీయండి. అంచు పిక్సెళ్లలో కారు రంగూ, వెనకనున్న చెట్ల పచ్చదనమూ కలిసి ఉంటాయి కనుక, వాటిని ఉంచితే తెల్ల కారు చుట్టూ ఆకుపచ్చ చార మిగిలిపోతుంది. గీసిన పాత్‌కు వెంటనే పేరు పెట్టి సేవ్ చేయడం మరవకండి. `Work Path` అన్న పేరుతోనే వదిలేస్తే తర్వాత గీసే పాత్ దాని స్థానంలోకి వచ్చి మీ శ్రమ పోతుంది.

చక్రాల దగ్గర కొత్తవారు చేసే పొరపాటు చక్రాన్ని పూర్తి వృత్తంగా కట్ చేయడం. నిజానికి టైరు పైభాగం మడ్‌గార్డు లోపల ఉంటుంది, ఆ రెంటి మధ్య కనిపించే నల్లని సందు కారులో భాగమే. దాన్ని తీసేస్తే ఆ సందులోంచి ప్రకటన రంగు తొంగిచూస్తుంది. అల్లాయ్ చక్రం కడ్డీల మధ్య కనిపించే చీకటి కూడా అంతే, అక్కడ బ్రేకు భాగాలు ఉంటాయి కనుక ముట్టుకోనవసరం లేదు. మీరు గీయవలసింది బయటికి కనిపించే కింది వంపు మాత్రమే. ఆ వంపుకు ఒక్కో పక్క ఒక పాయింటు, అడుగున నేలను తాకే చోట రెండు పాయింట్లు చాలు; పాయింట్లు పెరిగే కొద్దీ టైరు అంచు అలలు అలలుగా వస్తుంది. అడుగున రెండు పాయింట్లు ఎందుకంటే, కారు బరువుకు టైరు నేల మీద కొద్దిగా చదునవుతుంది. ఆ చిన్న సరళరేఖను వదిలేసి గుండ్రంగా గీస్తే కారు మొనల మీద నిలబడినట్టుంటుంది. నీడలో టైరు అంచు కనబడకపోతే పైన ఒక `Curves` లేయర్ వేసి చీకటి భాగాలను తాత్కాలికంగా వెలిగించుకుని, గీయడం అయ్యాక ఆ లేయర్‌ను తీసేయండి. కారు అడుగు నుంచి కనిపించే అవతలి పక్క చక్రాల ముక్కలను కూడా ఉంచాలి. వాటిని నేలతో పాటు తుడిచేస్తే బండి రెండు మూడు కాళ్ల మీద నిలిచినట్టు కనిపిస్తుంది.

సైడ్ మిర్రర్ల విషయం చిన్నదే. ముందు మూల నుంచి తీసిన ఫోటోలో ఇవతలి మిర్రర్ తలుపు మీదే పడుతుంది కనుక దాని చుట్టూ కోయవలసింది పెద్దగా ఉండదు. అవతలి మిర్రర్ మాత్రం కారు అంచు దాటి బయటికి వస్తుంది. దాని కాడకూ కారుకూ మధ్య ఒక చిన్న ముక్కోణపు ఖాళీ ఉంటుంది. అక్కడ చెట్టు ఆకులు మిగిలిపోయాయంటే చూసేవారి కన్ను ముందుగా అక్కడికే పోతుంది. ఆ ఖాళీకి విడిగా ఇంకొక పాత్ గీసి, మొదటి పాత్ నుంచి తీసివేయండి.

అసలు కష్టం కిటికీలది. మన దేశంలో కారు ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు పోవాలన్నది మోటారు వాహనాల నిబంధన. నల్ల ఫిల్ములను సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. అందుచేత మన కార్ల అద్దాల్లోంచి అవతలి చెట్లూ గోడలూ స్పష్టంగా కనిపిస్తాయి, బయట అంతా తీసేసినా అవి అద్దంలో అలాగే ఉండిపోతాయి. కొందరు దీనికి సులువుగా అద్దాన్ని నలుపుతో నింపేస్తారు. అది చట్టం ఒప్పని అద్దాలున్న కారులా కనిపిస్తుంది, కొనేవాడికి అనుమానం కలిగిస్తుంది. మరికొందరు పూర్తిగా తీసేస్తారు, అప్పుడు అద్దమే లేనట్టుంటుంది. సరైన పద్ధతి ఏమిటంటే, అద్దం చుట్టూ ఉండే నల్ల రబ్బరు బీడింగ్‌ను కారు బాడీతో ఉంచి, బీడింగ్ లోపలి అంచు వెంట అద్దానికి వేరే పాత్ గీసి, దాన్ని ఇంకొక లేయర్‌గా విడదీయాలి. సీట్లు, హెడ్‌రెస్టులు, స్టీరింగ్ వంటివి గట్టి వస్తువులు కనుక అవి పూర్తిగా నిలవాలి; వాటి మధ్య ఖాళీల్లోంచి చెట్లు కనిపించే చోట్లను మాత్రం లేయర్ మాస్క్ మీద బూడిద రంగు పూసి సగం పలచన చేయాలి. పలచన చేశాక కూడా ఆకుల ఆనవాలు కనబడితే ఆ చోట మాత్రం లేత బూడిద రంగు పూసి కప్పండి. అద్దం మీద పడిన ఆకాశపు మెరుపును కొంత ఉంచితేనే అక్కడ అద్దం ఉందని తెలుస్తుంది.

పాత్‌ను సెలక్షన్‌గా మార్చేటప్పుడు `Feather Radius` 0.3 నుంచి 0.5 పిక్సెల్ మధ్య పెట్టండి. అంతకు మించితే అంచు మసకబారుతుంది, సున్నా పెడితే మీరు చెప్పిన కత్తెర కోత వస్తుంది. నేరుగా డిలీట్ చేయకుండా మాస్క్‌గా వేసుకుంటే తర్వాత సవరించుకోవచ్చు. పరీక్షకు కారు కింద ముదురు ఎరుపు లేయర్ ఒకటి వేసి చూడండి, తెల్లటి మీద దాగిన మిగులు ముక్కలన్నీ బయటపడతాయి. చివరి ప్రకటనకు మాత్రం లేత బూడిద రంగు పెట్టండి, తెల్లటి మీద తెల్ల కారు పైకప్పు అంచు మాయమవుతుంది. నీడను పాత ఫోటో నుంచి కోసి తేవద్దు. కారు కింద `Multiply` లేయర్ వేసి, టైరు నేలను తాకే చోట సన్నగా ముదురుగా, బాడీ కింద వెడల్పుగా పలచగా కొత్తగా పూయండి.

ఇంత పనీ ప్రతిసారీ అవసరం లేదన్నది కూడా మీరు తెలుసుకోవలసిన విషయం. దినపత్రికలో నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ప్రకటన, అంగుళానికి 200 పిక్సెళ్ల చొప్పున, 300 పిక్సెళ్లకు కాస్త ఎక్కువ. అందులో మిర్రర్ పక్క ఖాళీ రెండు మూడు పిక్సెళ్లే, న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకితే అది కనబడదు. అక్కడ పైకప్పు గీత, టైర్ల అడుగు బాగుంటే చాలు. వెబ్‌సైటులో 1200 పిక్సెళ్ల ఫోటోకైతే ప్రతి ఖాళీ లెక్కలోకి వస్తుంది. షోరూమ్ వారిని ముందుగా ఏ కొలతకు కావాలో అడగండి, అడగడం తెలిసినవాడని కూడా వారికి అర్థమవుతుంది. గీతలు, సొట్టలు మాత్రం తుడవమన్నా తుడవవద్దు, అమ్మే వస్తువు స్థితిని దాచినట్టవుతుంది.

ఇక ఉపాధి సంగతి. కట్ చేయడం ఒక్కటే వస్తే ఫోటోకింత అని చెల్లించే పనులు దొరుకుతాయి కానీ, అందులో రేటు తక్కువ, పోటీ ఎక్కువ. నా అంచనాలో దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ప్రకటన లేఅవుట్, ప్రింటుకు రంగుల సర్దుబాటు, వీలైతే కారును సరైన వెలుతురులో తానే ఫోటో తీయడం కూడా వచ్చినవాడిని షోరూమ్ వారు జీతం మీద పెట్టుకుంటారు. బీకాం మానవద్దు. ఈ నెలలో తెలుపు, నలుపు, వెండి రంగు కార్లు ఒక్కొక్కటి చేసి, జేపీఈజీతో పాటు పాత్‌లు, మాస్క్‌లు కనిపించే లేయర్ల పీఎస్‌డీ ఫైలును కూడా షోరూమ్ వారికి ఇవ్వండి.