225 యూనిట్లు దాటితే మొత్తం బిల్లుకీ పై రేటు పడుతుందా?

ప్రశ్న: మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. పోయిన నెల 218 యూనిట్లు కాలింది. ఈ నెల 240 అయింది, బిల్లు 1,300 దాటింది. 225 దాటితే మొత్తం యూనిట్లకీ పై రేటే వేస్తారని మావారు అంటున్నారు. అందుకే నెలాఖరులో మీటర్ చూసుకుంటూ ఏసీ ఆపేస్తున్నాం. ఇది నిజమేనా?

జవాబు: ఇప్పుడు నిజం కాదండీ. అయితే మీవారు ఊరికే అనలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు ఇళ్లను నెలవారీ వాడకాన్ని బట్టి మూడు గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపుకు వేరే రేట్లు పెట్టేవారు. 225 దాటగానే గ్రూపు మారిపోయి, మొదటి యూనిట్ నుంచే ఎక్కువ పడేది. 2022-23 టారిఫ్ ఉత్తర్వుతో ఆ గ్రూపులు తీసేశారు. ఇప్పుడు అందరికీ ఒకే పట్టిక:

30 యూనిట్ల వరకు: 1.90
31 నుంచి 75: 3.00
76 నుంచి 125: 4.50
126 నుంచి 225: 6.00
226 నుంచి 400: 8.75
400 పైన: 9.75

ఇవి యూనిట్‌కు రూపాయల్లో. ఏ శ్లాబులో పడ్డ యూనిట్లకు ఆ శ్లాబు రేటే. పై శ్లాబులోకి వెళ్లినంత మాత్రాన కింది యూనిట్ల రేటు మారదు.

మీ 240 యూనిట్లనే లెక్కేద్దాం. మొదటి 30కి 57 రూపాయలు. తర్వాతి 45కి 135. ఆపై 50కి 225. ఆపై 100కి 600. ఇక్కడికి 225 యూనిట్లు, 1,017 రూపాయలు. మిగిలిన 15 యూనిట్లకే 8.75 చొప్పున 131.25. మొత్తం 1,148.25. అన్నిటికీ 8.75 వేసి ఉంటే ఇదే 2,100 అయ్యేది. మీ బిల్లు అక్కడికి పోలేదు కదా, మీ అనుమానానికి అదే జవాబు.

మరి 1,300 ఎలా దాటింది? శ్లాబుల కింద ఇంకొన్ని లైన్లుంటాయి. ఫిక్స్‌డ్ ఛార్జీ మంజూరైన లోడుకు కిలోవాట్‌కు 10 రూపాయలు. మీది రెండు కిలోవాట్లయితే 20. విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసలు, అంటే 14.40. వీటితో కలిపి 1,182.65. దీని మీద కస్టమర్ ఛార్జీ, ఎఫ్‌పీపీసీఏ వస్తాయి. ఈ ఎఫ్‌పీపీసీఏ దగ్గరే చాలామంది తికమకపడతారు. కరెంటు కొనుగోలుకు, ఇంధనానికి ముందు వేసిన అంచనా కంటే ఎక్కువ ఖర్చయితే, ఆ తేడాను తర్వాత మన దగ్గర వసూలు చేసేది ఇది. వేసేది ఈ నెల యూనిట్ల మీద కాదు, వెనకటి నెలల యూనిట్ల మీద. యూనిట్‌కు 40 పైసలు, అప్పట్లో 200 యూనిట్లు కాలాయి అనుకుంటే, 80 రూపాయలు. అందుకే వేసవిలో గట్టిగా ఏసీ వేసినవాళ్లకు, వాడకం తగ్గాక కూడా ఈ లైన్ పెద్దగానే కనిపిస్తుంది. బిల్లు సరిపోలలేదని మీటర్‌ను అనుమానించే ముందు ఇది చూడండి.

కాబట్టి 225 దగ్గర ఏసీ ఆపేసి ఉక్కలో టెన్షన్ పడక్కర్లేదు. ఆ గీత దాటిన ఒక్కో యూనిట్‌కు అదనంగా పడేది 2.75 రూపాయలు మాత్రమే.

నేను మిమ్మల్ని జాగ్రత్తపడమనేది వేరే చోట. ఇంకో గదికి ఏసీ కొందామనుకున్నప్పుడు చాలామంది సగటు రేటుతో లెక్క వేస్తారు. మీ 1,148.25ని 240తో భాగిస్తే యూనిట్‌కు 4.78 వస్తుంది. ఆ లెక్కన నెలకు 100 యూనిట్లు పెరిగితే 478 రూపాయలే అనిపిస్తుంది. కానీ ఆ కొత్త 100 యూనిట్లూ మీకు 241 నుంచి 340 మధ్య పడతాయి, అన్నీ 8.75 శ్లాబులోనే. అంటే 875 రూపాయలు, దాని మీద సుంకం, తర్వాతి నెలల్లో ఎఫ్‌పీపీసీఏ. మీరిప్పుడున్న చోట ఫ్రిజ్ అయినా గీజర్ అయినా, కొత్తగా ఏది పెట్టినా దాని ఖర్చు ఆ రేటుతోనే చూడాలి. స్టార్ రేటింగ్ ఎక్కువున్న ఏసీకి పెట్టే అదనపు డబ్బు ఎన్నేళ్లలో తిరిగొస్తుందో కూడా ఈ 8.75తోనే లెక్కేయండి, సగటుతో వేస్తే మంచి ఏసీ కూడా దండగలా కనిపిస్తుంది.

ఇంకొకటి. బిల్లు మీద పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ ఉంటాయి. మీటర్ రీడర్ ఆలస్యంగా వచ్చి 36 రోజులకు 240 తీసుంటే, 30 రోజులకు మీ వాడకం 200 మాత్రమే. అలా ఉంటే ఆ బిల్లు పట్టుకుని మీ సెక్షన్ ఆఫీసుకు వెళ్లి, రోజులకు తగ్గట్టు శ్లాబులు సర్దారా అని ఏఈ గారిని అడగండి. రెండు నెలల బిల్లులూ పట్టుకెళితే మాట్లాడటం సులువు.