వార్డు మేనేజర్‌గా స్కాలర్‌షిప్‌కి రిఫరెన్స్ లెటర్

"యూకేలో మెడికల్ వార్డు మేనేజర్‌ని. మా స్టాఫ్ నర్సు క్రిటికల్ కేర్ కోర్సు స్కాలర్‌షిప్‌కి లెటర్ అడిగింది. 'కష్టపడుతుంది, అంకితభావం ఉంది' అని రాశాక పెన్ను కదలడం లేదు. ఇంకేం రాయాలి?"

ఆ రెండు మాటలూ తీసేయండి మేడమ్, అవి ప్రతి లెటర్‌లోనూ ఉంటాయి. వాటి చోట మీరు కళ్లారా చూసిన ఒక్క కేసు పెట్టండి. ఉదాహరణకి ఇలా:

"యూరిన్ ఇన్ఫెక్షన్‌తో చేరిన పేషెంట్‌కి ఉదయం NEWS2 స్కోరు 3. మధ్యాహ్నానికి శ్వాస 22, పల్స్ 112, పై బీపీ 98, జ్వరం 38.4, స్కోరు 7. ఈమె సెప్సిస్ అని అనుమానించి, వెంటనే డాక్టర్‌కీ ఔట్‌రీచ్ టీమ్‌కీ SBAR పద్ధతిలో చెప్పింది. వాళ్లు వచ్చేలోపు బ్లడ్ కల్చర్ తీసి, లాక్టేట్ పంపింది."

స్కోరు 7 అంటే ఎమర్జెన్సీ అని చదివేవాళ్లకి తెలుసు, కాబట్టి విశేషణాలతో పనిలేదు. మీరు చూడనిది మాత్రం రాయొద్దు. పేషెంట్ పేరు, బెడ్ నంబరు, తేదీ అసలు వద్దు.

తర్వాత ఆమెకి ఇంకా రానిది ఒకటి చెప్పండి. ఆర్టీరియల్ లైన్, వెంటిలేటర్ పేషెంట్ల సంరక్షణ వార్డులో నేర్చుకునే వీలుండదు కదా, కోర్సు ఎందుకో అక్కడే తేలిపోతుంది.

చాలామంది మరిచిపోయేది స్టడీ లీవు. క్లాసు రోజుల్లో రోస్టర్ నుంచి వదులుతామని, ఆమె షిఫ్టు ఎవరితో నింపుతారో మేట్రన్‌తో మాట్లాడాకే రాయండి. డబ్బిచ్చేవాళ్ల టెన్షన్ అంతా కోర్సు మధ్యలో ఆగిపోతుందేమోననే. ఒక పేజీ దాటనివ్వకండి.