ఇంటిపేరు ముందా, చివరా? దరఖాస్తులో పేరు తారుమారైతే

ప్రశ్న: లాయర్ గారూ, నా పదో తరగతి మెమోలో పేరు VEMURI LAKSHMI PRASANNA. డిగ్రీలో V. Lakshmi Prasanna. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఆన్‌లైన్లో దరఖాస్తు చేస్తూ లాస్ట్ నేమ్ దగ్గర Prasanna అని కొట్టాను. నేను రాసిన రీసెర్చ్ పేపర్లు నాలుగు. ఒకదానిలో V. Lakshmi Prasanna, ఒకదానిలో Prasanna L. V., పెళ్లయ్యాక వచ్చిన రెండింటిలో మావారి ఇంటిపేరుతో K. Lakshmi Prasanna అని పడింది. ఎడిట్ గడువు అయిపోయింది, ఇరవై రోజుల్లో వెరిఫికేషన్. అత్తగారింట్లో వద్దన్నా ఎనిమిదేళ్లు కష్టపడి చదివాను, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పేపర్ల జాబితాలోనూ వాటి పీడీఎఫ్‌లలోనూ పేరు ఒకేలా మార్చి పెట్టేయమని ఒక కొలీగ్ అంటున్నారు. గెజిట్‌లో పేరు మార్పించుకుంటే చాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పేరు ఎన్ని రకాలుగా ఉందన్నది మీ కేసును తేల్చదు. ఆ తేడా వల్ల మీరు ఏదైనా లాభం పొందారా, లేక పొందాలని చూశారా అన్నదే తేలుస్తుంది. ఈ క్షణం వరకు మీరు అలాంటిదేమీ చేయలేదు. కొలీగ్ మాట వింటే చేసినట్టవుతుంది.

సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఇచ్చిన ఒక తీర్పు చూడండి. బిహార్‌లో కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు చేసిన వశిష్ఠ్ నారాయణ్ కుమార్ అనే అభ్యర్థి పుట్టిన తేదీ 18 అని రాయాల్సిన చోట 8 అని పడింది. సర్టిఫికెట్‌తో కలవలేదని ఆయన్ను తప్పించారు. ఆ పొరపాటుకు ఎంపికతో సంబంధం లేదనీ, దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదనీ చూసి, కోర్టు ఆయన పక్షాన నిలిచింది. మీకూ ఈ దారి తెరిచి ఉంది. అలాగని దరఖాస్తులో చేసిన ప్రతి తప్పునూ కోర్టులు క్షమిస్తాయని అనుకోకండి. లాభాపేక్ష లేని చిన్న పొరపాటు అని చూపగలిగినవారికే ఈ తీర్పు పనికొస్తుంది.

ముందు మీ పొరపాటు ఎక్కడుందో చూద్దాం. వేమూరి అనే ఇంటిపేరును డిగ్రీలో V అని కుదించారు. పేరు అదే, కుదించిన రూపం మాత్రమే. కాబట్టి దాని గురించి దిగులు అక్కర్లేదు. Prasanna L. V. అన్నది వరస తారుమారైన రూపం. ఇంటిపేరు చివర రాసే పద్ధతికి అలవాటుపడిన పత్రికలు, మన పేరులో చివరి పదాన్నే ఇంటిపేరనుకుని ముందుకు లాగుతాయి. మీరు దరఖాస్తులో చేసిన తప్పూ సరిగ్గా ఇదే. ఫారంలో లాస్ట్ నేమ్ అంటే చివర రాసే పేరు కాదు, ఇంటిపేరు. అక్కడ Vemuri, ఫస్ట్ నేమ్ దగ్గర Lakshmi Prasanna రావాలి. పత్రిక వాళ్లు తిప్పితే అది వాళ్ల పద్ధతి అనుకోవచ్చు. మీ చేత్తో మీరే తిప్పి, కింద డిక్లరేషన్ కూడా ఒప్పుకున్నారు. పైగా ఎడిట్ గడువు ఉన్నన్ని రోజులూ మెమో పక్కన పెట్టుకుని ఒక్కసారైనా చూసుకోలేదు. చదువు చెప్పబోయే మనిషి ఇంత అజాగ్రత్తగా ఉండకూడదు.

అసలు రుజువు కావాల్సింది K కి. V, K ఒకే అక్షరానికి రెండు రూపాలు కావు, రెండు వేర్వేరు ఇంటిపేర్లు. ఆ రెండు పేపర్లు రాసిన K. Lakshmi Prasanna వేరే మనిషి కాదని ఎవరు చెప్పాలి? పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటే చాలనుకుంటారు చాలామంది. అందులో వధువు పేరు సాధారణంగా పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటుంది. అది మీ పెళ్లి జరిగిందనీ, మీవారి ఇంటిపేరు ఫలానా అనీ చెబుతుందే తప్ప, ఆ పేపరు రాసింది మీరేనని చెప్పదు. దానికి తోడు ఆ రెండు పేపర్లు పంపినప్పటి ఈమెయిళ్లు, అంగీకార పత్రాలు వెతికి పెట్టుకోండి. మీ గైడ్ గారి నుంచో, అప్పట్లో మీరు పనిచేసిన విభాగాధిపతి నుంచో లెటర్‌హెడ్ మీద, పేపర్ల శీర్షికలతో సహా, ఇవి రాసింది ఈమేనని ఒక ఉత్తరం తీసుకోండి. పేపరు మొదటి పేజీలో పేరు కింద ఉన్న ఈమెయిల్, మీ ఇతర సర్టిఫికెట్లలో కనబడే కాలేజీ పేరు కలిస్తే అది ఇంకా బలం.

ఇక కొలీగ్ సలహా. దాని జోలికి వెళ్లొద్దు. ముద్రితమైన పేపరు పీడీఎఫ్‌లో పేరు మార్చి ఉద్యోగం కోసం సమర్పిస్తే అది ఎలక్ట్రానిక్ రికార్డును ఫోర్జరీ చేయడమే. భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీకి 336 సెక్షన్, దాన్ని నిజమైనదిగా వాడినందుకు 340 సెక్షన్ ఉన్నాయి. అసలు పేపరు పత్రిక వెబ్‌సైట్లో ఎవరికైనా దొరుకుతుంది, రెండూ పక్కపక్కన పెట్టడానికి నిమిషం పట్టదు. ఆ రోజు నుంచి మీది అమాయకపు పొరపాటు అని ఏ కోర్టులోనూ నేను వాదించలేను. పైన చెప్పిన తీర్పు మీకు పనికిరాకుండా మీరే చేసుకున్నవారవుతారు.

గెజిట్ కూడా ఇప్పుడు వద్దు. అది మీరు ఇకపై ఏ పేరుతో పిలిపించుకుంటారో లోకానికి చెప్పే ప్రకటన. పాత మెమోనూ పాత పేపర్లనూ దిద్దదు. ఉన్న పేర్లకు తోడు ఇంకో పేరు చేరుతుందంతే. మెమోలో తప్పే లేదు కాబట్టి దాన్ని దిద్దించమని దావా వేయడం కూడా అనవసరం. తప్పు ఉన్నా సరే, పేరు గురించి డిక్లరేషన్ కోరే దావాకు లిమిటేషన్ చట్టం 58వ ఆర్టికల్ ప్రకారం హక్కు మొదటిసారి తలెత్తిన నాటి నుంచి మూడేళ్లే గడువు. ప్రస్తుతం మీ గడువు ఇరవై రోజులు, అది చూసుకోండి.

ఈ రోజే నియామక సంస్థకు ఒక అర్జీ రాయండి. దరఖాస్తు నంబరు వేసి, లాస్ట్ నేమ్ దగ్గర Prasanna అని పొరపాటున టైపు చేశాననీ, మెమో ప్రకారం ఇంటిపేరు Vemuri అనీ, విద్యార్హతలు, మార్కులు, కేటగిరీ ఏవీ దీనివల్ల మారవనీ నాలుగు వాక్యాల్లో చెప్పండి. అత్తగారింటి సంగతి అందులో రాయకండి. మెమో నకలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. వీలైతే ఆఫీసుకు వెళ్లి ఇన్వర్డ్ ముద్ర కూడా వేయించుకోండి. వెరిఫికేషన్‌లో వాళ్లు పట్టుకున్నాక చెప్పడానికీ, ముందే మీరు చెప్పడానికీ చాలా తేడా ఉంటుంది. ఆ తేదీ ముద్రే మీ సాక్ష్యం.

పేపర్ల జాబితాలో రచయితల పేర్లు పేపరు మొదటి పేజీలో పడ్డట్టే, చుక్కతో సహా, ఉంచండి. మీ పేరు వచ్చిన చోట గీత గీసి, జాబితా చివర ఇలా ఒక వాక్యం చేర్చండి: “పై జాబితాలో V. Lakshmi Prasanna, Prasanna L. V., K. Lakshmi Prasanna అని ముద్రితమైన పేర్లు మూడూ నావే. పదో తరగతి మెమో ప్రకారం నా పేరు Vemuri Lakshmi Prasanna.” నోటరీ అఫిడవిట్‌లో కూడా ఇవే రూపాలు అక్షరం తేడా లేకుండా, ఏ పేపరులో ఏది ఉందో చెబుతూ రావాలి. టైపిస్టు దగ్గరున్న పాత నమూనాలో పేరు మాత్రం మార్చి తెచ్చుకోవద్దు. అఫిడవిట్ మీ మాటే కాబట్టి, వెనక పెళ్లి సర్టిఫికెట్, గైడ్ ఉత్తరం, ఈమెయిళ్లు లేకపోతే బరువుండదు. పరిశోధకులకు ఆన్‌లైన్లో ఇచ్చే ORCID గుర్తింపు నంబరు మీకు ఉంటే అందులో ఇతర పేర్ల దగ్గర ఈ రూపాలన్నీ చేర్చి, నాలుగు పేపర్లనూ దానికి కలిపి, ఆ పేజీ ప్రింటు కూడా ఫైల్లో పెట్టండి.

వెరిఫికేషన్ రోజున ఒప్పుకోకపోతే అక్కడ వాదించకండి. కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే అదే రోజు ఈమెయిల్‌లో అడగండి. ఆ కాగితం, మీ అర్జీ రసీదు పట్టుకుని వారంలోపు లాయర్‌ను కలవండి. హైకోర్టులో రిట్‌కు ఇన్ని రోజులని గడువు లేదు, కానీ నియామకాలు పూర్తయి వేరొకరు ఆ కుర్చీలో కూర్చున్నాక వెళితే ఇంతకాలం ఏం చేశారన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.