కోపాన్ని చెక్కడంలోకీ జోకులోకీ మళ్లించడం

ప్రశ్న: మా అన్న పొలం తగాదాలో ఓడిపోయాక తిరుపతి జిల్లా మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కుతున్నాడు, తగాదా గురించి జోకులేస్తున్నాడు. ఇది బాధను దాచుకోవడమేనా?

కాకపోవచ్చు. ఉదాత్తీకరణను, అంటే కోపం లాంటి భావాన్ని పనికొచ్చే పనిలోకి మళ్లించడాన్ని, అలాగే హాస్యాన్ని మనోవైద్యుడు జార్జ్ వాలియంట్ 1977లో పరిణత రక్షణ తంత్రాలుగా, అంటే బాధను తట్టుకోవడానికి మనసు వాడే ఎదిగిన పద్ధతులుగా వర్గీకరించారు. ఇవి చాలావరకు తెలియకుండానే పనిచేస్తాయి కనుక, మీ అన్నగారిని నేరుగా అడిగితే “ఊరికే” అనే జవాబే రావచ్చు.

దాచుకోవడంలో భావమే కనుమరుగవుతుంది. ఉదాత్తీకరణలో అది ఉండి, దారి మార్చుకుంటుంది. దాయాదిపై ఎత్తాలనుకున్న చెయ్యి సుత్తిని పట్టుకుని ఉలిపై దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బ బలం కోపానిదే అయినా, అదుపు తప్పితే దేవుడి ముక్కు విరుగుతుంది కనుక పని ఆ కోపానికి హద్దు గీస్తుంది, పైగా బొమ్మను కొనేవాడు దొరుకుతాడు. ఇంటికొచ్చి పిల్లలను కసిరితే అది ఉదాత్తీకరణ కాదు, అత్త మీద కోపం దుత్త మీద చూపడమే.

జోకులో గమనించాల్సింది దెబ్బ ఎవరికి తగులుతోందన్నదే. “కోర్టుకు తిరిగిన బస్సు చార్జీలతో ఇంకో ఎకరం కొనుండొచ్చు, దానికీ ఇంకో కేసు పడుండేది” అన్నవాడు నష్టాన్ని ఒప్పుకుంటూనే తననూ కలుపుకుని నవ్వుతున్నాడు. దాయాది కూతురి రంగును వెక్కిరిస్తే అది నవ్వు తొడుక్కున్న పగ.

ఒక్కసారి నవ్వకుండా ఆ పొలం గురించి మాట్లాడించి చూడండి. కాసేపు బాధగా మాట్లాడగలిగితే భయం లేదు. ప్రతిసారీ జోకుతో మాట తప్పిస్తూ, నిద్రా తిండీ తగ్గుతుంటే మాత్రం తిరుపతిలో మానసిక వైద్యులను కలవడం మంచిది.