షరతు ఒక్కసారే చెప్పించు

తమ్ముడూ,

కడప బట్టల అంగడికి నువ్వు రాసిన సంక్రాంతి ఆఫర్ వీడియో స్క్రిప్టు చదివాను. అంగడి ఆయన ముప్పై సెకన్లలో ఇరవై శాతం తగ్గింపు షరతును మూడుసార్లు చెబుతున్నాడు: ఒకసారి "రెండు వేలకు కొంటే", ఇంకోసారి "రెండు వేలు దాటితే", చివర్లో "రెండు వేల పైన". సరిగ్గా రెండు వేలకు కొన్నాయనకు తగ్గింపు ఉందా, లేదా? మొదటి మాటకు ఉంది, రెండో మాటకు లేదు. బిల్లు దగ్గర గొడవ ఇక్కడే మొదలవుతుంది. అందుకే షరతు నోటితో ఒక్కసారే రావాలి, అవే అంకెలు అప్పుడే తెరమీద కనబడాలి. మిగతా సమయమంతా ఆయన కొత్త సరుకు గురించి మాట్లాడుకోవచ్చు.

రాసే ముందు ఆయన్ని కూర్చోబెట్టి ఒక బిల్లు లెక్క వేయించు. పట్టు చీరలకు తగ్గింపు లేదన్నాడు కదా. ఒకామె 1,200కు పట్టు చీర, 1,300కు పిల్లల బట్టలు కొనింది, మొత్తం 2,500. రెండు వేలను మొత్తం బిల్లు మీద చూస్తే పిల్లల బట్టల మీద 20 శాతం, అంటే 260 తగ్గుతుంది. పట్టు తీసేసి చూస్తే 1,300 చాలదు, ఏమీ తగ్గదు. ఏదైనా సరే, తేల్చాల్సింది ఆయనే, అదీ కెమెరా ముందుకు రాకముందే. నాకైతే రెండోదే మేలనిపిస్తుంది, ఒక్క వాక్యంలో చెప్పొచ్చు:

"పట్టు చీరలు కాకుండా, మిగతా బట్టలు రెండు వేలకు గానీ అంతకన్నా ఎక్కువకు గానీ కొంటే, వాటి మీద ఇరవై శాతం తగ్గింపు. జనవరి పదమూడు రాత్రి తొమ్మిది వరకు."

"పండగ దాకా" అని మాత్రం రాయొద్దు. భోగి దాకానా, కనుమ దాకానా అని అడుగుతారు.

తెరమీద మూడు వరుసలు చాలు:

పట్టు చీరలు కాక మిగతా బట్టలు
₹2,000, ఆపైన: 20% తగ్గింపు
2027 జనవరి 13 రాత్రి 9 వరకు

ఆయన వాక్యం మొదలుపెట్టగానే ఇవి రావాలి, ముగిశాక ఇంకో నాలుగైదు సెకన్లు ఉండాలి. బస్సులో సౌండు తీసేసి చూసేవాళ్లు చదివి ముగించేంత సేపన్నమాట. అక్షరాలు తెర మధ్యలో పెట్టించు. రీల్‌లో కింది భాగాన్ని పేరు, క్యాప్షన్ కప్పేస్తాయి, కుడి అంచున బటన్లు ఉంటాయి. సన్నటి ఫాంట్‌లో మన వత్తులు కలిసిపోతాయి, లావు అక్షరం తీసుకో. చిన్న ఫోన్‌లో పెట్టి, చూపు తగ్గిన పెద్దాయన చేత ఒకసారి చదివించి చూడు.

సంవత్సరం ఆయన పలకక్కర్లేదు, తెరమీద ఉంటే చాలు. వాట్సాప్‌లో తిరిగే వీడియో వచ్చే పండక్కి మళ్లీ బయటికొస్తుంది, దాన్ని చూపించి తగ్గింపు అడుగుతారు. బిల్లు రాసే కుర్రాళ్లకు కూడా ఆ మూడు వరుసలే కాగితం మీద రాసి ఇవ్వమని చెప్పు.